ఇంటిల్లిపాదికీ హెల్త్ ఇన్సూరెన్స్: రూమ్ రెంట్ దగ్గర మొదలుపెట్టి వెతికాం

మా ఇంట్లో ఆరుగురం. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ, నాన్న. కూకట్‌పల్లిలో ఉంటాం. ఆఫీసు వాళ్లిచ్చిన గ్రూప్ ఇన్సూరెన్స్ 3 లక్షలకే ఉంది, అందులో అమ్మానాన్నల పేర్లు లేవు. నాన్నకు 68 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. అమ్మకు 62, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కడం కష్టంగా ఉంది. అందరికీ సొంతంగా పాలసీ తీసుకోవాలని కూర్చున్నప్పుడు ఎవరిని అడిగినా మొదట చెప్పింది రెండే: ఎంత కవర్, ఎంత ప్రీమియం. నాకు మాత్రం ఆ రెండింటికంటే ముందు రూమ్ రెంట్ సంగతి తేల్చుకోవాలనిపించింది. దానికి కారణం మా బావగారి హాస్పిటల్ బిల్లు.

బావగారు బైక్ మీద నుంచి పడి తొడ ఎముక విరిగి సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో చేరారు. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఆయనకు 5 లక్షల పాలసీ ఉంది. బిల్లు 2,70,000 అయింది. 5 లక్షల కవర్ ఉన్నప్పుడు ఇక టెన్షన్ ఏముందని అందరం అనుకున్నాం. డిశ్చార్జ్ రోజు ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర చేతికిచ్చిన కాగితంలో కంపెనీ ఇచ్చేది 2,00,000, మిగతా 70,000 మీరు కట్టాలని ఉంది. అక్క ఆ కాగితం పట్టుకుని నా వైపు చూసింది. నేను అక్కడే కూర్చుని ఒక్కో లైనూ అడిగి తెలుసుకున్నాను.

ఆ పాలసీలో గది అద్దెకు పరిమితి ఉంది: రోజుకు సమ్ ఇన్సూర్డ్‌లో, అంటే పాలసీ మొత్తం కవర్‌లో 1 శాతం. 5 లక్షలకు అది 5,000 రూపాయలు. బావగారిని చేర్చిన గది రోజుకు 8,000. ఐదు రోజులకు 40,000. ఇంతవరకు ఎవరైనా ఏమనుకుంటారు? రోజుకు 3,000 చొప్పున 15,000 మన జేబులోంచి పోతుంది, అంతే కదా అనుకుంటారు. కానీ కోత అక్కడితో ఆగలేదు. 8,000 గదిలో 5,000కే అర్హత ఉంది కాబట్టి, 5,000ను 8,000తో భాగిస్తే వచ్చే 62.5 శాతమే కంపెనీ లెక్కలోకి తీసుకుంది. ఆ శాతాన్ని గది అద్దెకే కాకుండా సర్జన్ ఫీజుకు, మత్తు డాక్టర్ ఫీజుకు, ఆపరేషన్ థియేటర్ చార్జీలకు, డాక్టర్లు రోజూ వచ్చి చూసినందుకు వేసిన విజిట్ చార్జీలకు కూడా వర్తింపజేశారు. గది అద్దె కాక ఇవన్నీ కలిపి 1,20,000 ఉంటే కంపెనీ 75,000 ఇచ్చింది. అంటే ఇక్కడే 45,000 పోయింది. రాడ్‌కూ మందులకూ కలిపి అయిన 80,000, పరీక్షలకు అయిన 20,000 పూర్తిగా ఇచ్చారు. గ్లౌజులు, డ్రెస్సింగ్ సామాను లాంటి కన్స్యూమబుల్స్ 10,000 అసలు లెక్కలోకే రాలేదు. గది తేడా 15,000, డాక్టర్ల చార్జీల్లో కోత 45,000, ఈ 10,000 కలిపితే 70,000.

దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. డెస్క్ దగ్గరున్న అమ్మాయి దీని వెనకున్న కారణం కూడా చెప్పింది. పెద్ద హాస్పిటల్స్‌లో గదిని బట్టి టారిఫ్ మారుతుంది. అదే సర్జన్, అదే ఆపరేషన్, అయినా షేరింగ్ రూమ్‌లో ఉన్నవాళ్లకు ఒక రేటు, సింగిల్ రూమ్‌లో ఉన్నవాళ్లకు ఇంకో రేటు. గది పెద్దదయ్యేకొద్దీ డాక్టర్ల చార్జీలు కూడా పెరుగుతాయి. నీకు అర్హత ఉన్న గదిలో ఉండి ఉంటే ఆ చార్జీలు కూడా తక్కువే అయ్యేవి కదా అన్నది కంపెనీ వాదన. దీనికి కొన్ని హద్దులున్నాయి. 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదు. ఐసీయూ చార్జీల మీద కూడా వేయకూడదు. గదిని బట్టి రేట్లు మార్చని హాస్పిటల్ అయితే ఈ కోతే ఉండకూడదు. బావగారి బిల్లులో రాడ్‌కూ మందులకూ పూర్తి డబ్బు రావడానికి కారణం అదే.

షేరింగ్ రూమ్ తీసుకుని ఉంటే ఈ గొడవ లేదు కదా అనొచ్చు. నిజమే. కానీ ఆ రాత్రి షేరింగ్ బెడ్ ఖాళీ లేదన్నారు. నొప్పితో అల్లాడుతున్న మనిషిని స్ట్రెచర్ మీద పెట్టుకుని పాలసీ కాగితాలు ఎవరూ చదవరు. అందుకే మా ఇంటి పాలసీకి మొదటి షరతు ఇదే అనుకున్నాను: గది అద్దెకు రూపాయల్లో పరిమితి ఉండకూడదు.

ఇది పెట్టుకుని చూస్తే పాలసీలు మూడు రకాలుగా కనిపించాయి. 1 శాతం లెక్కవి ఒక రకం. ‘సింగిల్ ప్రైవేట్ ఏసీ రూమ్’ అని గది రకాన్ని చెప్పేవి రెండో రకం. ఏ గదైనా ఫర్వాలేదనేవి మూడో రకం. రెండో రకంలో మంచి విషయం ఏమిటంటే, రేపు గది రేటు 8,000 నుంచి 12,000 అయినా మన అర్హత మారదు. కానీ డీలక్స్ రూమో సూట్ రూమో తీసుకుంటే మళ్లీ అదే కోత. మాకు దగ్గర్లో, నిజంగా వెళ్లే అవకాశమున్న హాస్పిటల్స్ బిల్లింగ్ కౌంటర్లకు వెళ్లి సింగిల్ రూమ్ రేటు ఎంత, డీలక్స్ అని దేన్ని అంటున్నారు అని అడిగాను. అడిగితే చెప్తారు, మొహమాటపడాల్సిన పనిలేదు. ఒకచోట ‘సింగిల్ రూమ్’, ‘సింగిల్ డీలక్స్’ అని రెండు ఉన్నాయి, మధ్యలో తేడా ఒక సోఫా, చిన్న ఫ్రిజ్. సోఫా కోసం డాక్టర్ ఫీజులో కోత పడుతుందని తెలిస్తే ఎవరైనా మామూలు సింగిలే అడుగుతారు. మేం ఆ రెండో రకానికే మొగ్గాం.

తర్వాత ఎంత కవర్ అన్న ప్రశ్న. ఆరుగురినీ ఒకే ఫ్లోటర్‌లో, అంటే ఒకే కవర్‌ను అందరూ కలిసి వాడుకునే పాలసీలో పెట్టేద్దామని మొదట మా ఏజెంట్ అన్నాడు. ఫ్లోటర్ ప్రీమియం ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల వయసును బట్టి లెక్కకడతారు. నాన్న వయసు మీద మా నలుగురికీ ప్రీమియం కట్టడం దండగ. పైగా నాన్నకు ఒక పెద్ద క్లెయిమ్ అయితే ఆ ఏడాది పిల్లలకు మిగిలేది తగ్గిపోతుంది. అందుకే మా నలుగురికీ 10 లక్షల ఫ్లోటర్ ఒకటి, అమ్మానాన్నలకు విడిగా 10 లక్షల ఫ్లోటర్ ఒకటి అనుకున్నాం.

10 లక్షలే ఎందుకంటే, మోకాళ్ల ఆపరేషన్, బైపాస్ ఆపరేషన్ లాంటివాటికి నేను అడిగిన చోట చెప్పిన ఎస్టిమేట్లు 5 లక్షలకు అటూ ఇటూ ఉన్నాయి. అవి కూడా అంతా సాఫీగా జరిగితేనే. ఐసీయూలో నాలుగు రోజులు ఎక్కువుంటే ఆ అంకె నిలబడదు. ఇప్పటికి 5 లక్షలు తీసుకుని తర్వాత పెంచుకుందామన్న ఆలోచన కూడా వచ్చింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. తర్వాత పెంచిన మొత్తానికి వెయిటింగ్ పీరియడ్, అంటే కొన్ని జబ్బులకు డబ్బు రాకుండా ఆగాల్సిన కాలం, మళ్లీ మొదటి నుంచి లెక్కేస్తారు. మూడేళ్ల తర్వాత 5 లక్షలను 10 చేస్తే, నాన్న షుగర్‌కు సంబంధించిన క్లెయిమ్‌లో పాత 5 లక్షలే పనికొస్తాయి, కొత్త 5 లక్షలు మళ్లీ ఆగాలి. వయసు పైబడినవాళ్ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. అందుకే మొదటి రోజే 10 తీసుకున్నాం.

మా నలుగురి పాలసీ మీద ఒక సూపర్ టాప్-అప్ కూడా పెట్టాం. ఏడాదిలో ఖర్చులన్నీ కలిపి 10 లక్షలు దాటాక, ఆ పైన అయ్యేదానికి అది పనికొస్తుంది. దీన్ని మామూలు టాప్-అప్‌తో కలపకూడదు. మామూలు టాప్-అప్ ఒకే క్లెయిమ్ 10 లక్షలు దాటితేనే కదులుతుంది. 6 లక్షల క్లెయిమ్‌లు రెండు వస్తే సూపర్ టాప్-అప్ 2 లక్షలు ఇస్తుంది, మామూలుది ఏమీ ఇవ్వదు.

వెయిటింగ్ పీరియడ్ దగ్గర ఎక్కువ సమయం పట్టింది. ఇది మూడు అంచెలుగా ఉంటుంది. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ డబ్బు రాదు. రెండోది, కొన్ని జబ్బుల జాబితా: కంటి శుక్లాలు, హెర్నియా, పైల్స్, గాల్ బ్లాడర్‌లో రాళ్లు, గర్భసంచి ఆపరేషన్, కీళ్ల మార్పిడి లాంటివి. వీటికి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. ఆ జబ్బు పాలసీ తీసుకున్నాక కొత్తగా వచ్చినా ఆగాల్సిందే. అందుకే ఆరోగ్యంగా ఉన్న నా భార్య కూడా ఆ జాబితా పూర్తిగా చదివింది. మూడోది, పాలసీకి ముందు నుంచే ఉన్న జబ్బులు. వీటికి ఒకప్పుడు నాలుగేళ్లదాకా పెట్టేవారు, 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 36 నెలలు.

అమ్మ మోకాళ్ల విషయంలో ఏజెంట్ రెండేళ్లు చాలన్నాడు. పాలసీ వర్డింగ్స్ తీసి చూస్తే, ఒక జబ్బు రెండు లెక్కల్లోకీ వస్తే ఏది ఎక్కువైతే అదే వర్తిస్తుందని రాసి ఉంది. కీళ్ల మార్పిడి జాబితాలో 24 నెలలు. కానీ అమ్మకు కీళ్ల అరుగుదల ఉందని పాలసీకి ముందే ఎక్స్‌రే తీసి డాక్టర్ రాశారు. కాబట్టి ఆమెకు 36 నెలలు. అమ్మను చూసే ఆర్థోపెడిక్ డాక్టర్‌ను అడిగితే, వ్యాయామం చేస్తూ బరువు తగ్గితే మూడేళ్లు ఆగొచ్చన్నారు. ఆయన ఆగకూడదని చెప్పి ఉంటే ఆ ఖర్చు సొంతంగా పెట్టుకోవాలని ముందే సిద్ధపడేవాళ్లం. నాన్న సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాల్సి వచ్చింది. ముందు నుంచీ ఉన్న జబ్బుకే కాదు, దాని వల్ల నేరుగా వచ్చే సమస్యలకు కూడా వెయిటింగ్ వర్తిస్తుంది. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిందని డాక్టర్ రాస్తే 36 నెలల్లోపల దానికి కూడా డబ్బు రాదు. డెంగీకి, న్యుమోనియాకి మాత్రం 30 రోజుల తర్వాత మామూలుగానే వస్తుంది.

“షుగర్ సంగతి రాయకండి సార్, ప్రీమియం పెరుగుతుంది. మూడేళ్లు పోతే ఎవరూ అడగరు” అన్నాడు ఏజెంట్. మంచి ఉద్దేశంతోనే అన్నాడు కానీ నేను ఒప్పుకోలేదు. హాస్పిటల్‌లో చేరగానే డ్యూటీ డాక్టర్ మొదట అడిగేది “షుగర్ ఉందా, ఎన్నాళ్ల నుంచి” అనే. నాన్న ఎనిమిదేళ్లుగా ఉంది అంటారు, ఆయన అది కేస్ షీట్‌లో రాస్తాడు. క్లెయిమ్ చూసేవాళ్లు మొదట తీసేది ఆ పేజీనే. దాచారని తేలితే ఆ క్లెయిమే కాదు, పాలసీయే రద్దు చేయొచ్చు. 60 నెలలు వరసగా ప్రీమియం కట్టాక కంపెనీ పాత విషయాలు తవ్వకూడదనే నిబంధన ఉంది, కానీ మోసం అని రుజువైతే అది అడ్డురాదు. ప్రపోజల్ ఫారంలో నాన్న షుగర్, బీపీ, వాడే మాత్రల పేర్లు, అమ్మ ఎక్స్‌రే తేదీతో సహా అన్నీ రాయించాను.

చివరికి అమ్మానాన్నల పాలసీలో రెండు మిగిలాయి. ఒకదాంట్లో కో-పేమెంట్ లేదు, కానీ గది అద్దె రోజుకు 5,000. రెండోదాంట్లో సింగిల్ రూమ్, కానీ ప్రతి క్లెయిమ్‌లో 20 శాతం మనమే కట్టాలి. ప్రీమియం ఇంచుమించు ఒకటే. “20 శాతం మనమే కట్టుకునేదానికి ఇన్సూరెన్స్ ఎందుకురా?” అన్నారు నాన్న. బావగారి బిల్లునే కాగితం మీద పెట్టి ఆయనకు చూపించాను. మొదటి పాలసీ అయితే మన చేతి నుంచి పోయేది 70,000. రెండోదాంట్లో గది కోత లేదు, కన్స్యూమబుల్స్ 10,000 తీసేస్తే 2,60,000, అందులో 20 శాతం అంటే 52,000. మొత్తం మన వంతు 62,000. రెండు షరతులూ ఉన్న పాలసీ అయితే 2,00,000 మీద మళ్లీ 20 శాతం తీస్తారు, మన వంతు 1,10,000 అవుతుంది. సీనియర్ సిటిజన్ పాలసీల్లో ఈ రెండూ కలిసి ఉన్నవి కనిపించాయి. వాటిని ప్రీమియం ఎంత తక్కువైనా వద్దనుకున్నాం.

70,000కూ 62,000కూ తేడా చిన్నదే. నేను చూసింది ఆ తేడాను కాదు. కో-పేమెంట్ ఎంతో ముందే తెలుసు. 3 లక్షల బిల్లు అయితే 60,000, 5 లక్షలైతే లక్ష. దానికోసం డబ్బు పక్కన పెట్టుకోవచ్చు. గది కోత ఎంతో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆ రోజు ఏ గది ఖాళీగా ఉంది, ఆ హాస్పిటల్ టారిఫ్ ఎంత, బిల్లులో డాక్టర్ల చార్జీల వాటా ఎంత అన్నవాటి మీద ఆధారపడి ఉంటుంది. గది రోజుకు 10,000 అయితే గది అద్దెలో, డాక్టర్ల చార్జీల్లో సగానికి సగం పోతుంది. కో-పేమెంట్ కూడా లేకుండా, గది పరిమితి కూడా లేకుండా తీసుకునే అవకాశం ఉంది, దానికి ఏడాదికి 18,000 ఎక్కువ అడిగారు. ఆ డబ్బును ప్రీమియంగా కట్టే బదులు నాన్న పేరుతో రికరింగ్ డిపాజిట్ చేద్దామన్నది నా భార్య. క్లెయిమ్ లేని ఏడాది అది మనదే అవుతుంది. ఏడాదిలోపే పెద్ద క్లెయిమ్ వస్తే మాత్రం ఆ డిపాజిట్ చాలదు, అందుకని మొదట్లోనే లక్ష రూపాయలు ఫిక్స్‌డ్ వేశాం. చేతిలో అంత డబ్బు లేనివాళ్లయితే ఆ 18,000 కట్టి కో-పేమెంట్ తీసేయించుకోవడమే మేలు.

ఫారం ఇచ్చాక కంపెనీ డాక్టర్ ఫోన్ చేసి నాన్నతో మాట్లాడాడు. ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లారు. షుగర్ పరీక్ష హెచ్‌బీఏ1సీ 7.1 వచ్చింది. కొన్నాళ్లకు మెయిల్ వచ్చింది: షుగర్ కారణంగా లోడింగ్ వేస్తున్నాం, ప్రీమియం 58,000 కాదు, 64,000, ఒప్పుకుంటే ఓటీపీ చెప్పండి అని. ఒప్పుకున్నాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి సొంత పాలసీల మీద జీఎస్టీ లేదు కాబట్టి 64,000 మీద ఇంకేమీ పడలేదు. అంతకుముందు 18 శాతం ఉండేది.

పాలసీ చేతికొచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది. నచ్చకపోతే ఆలోపు వెనక్కిచ్చేయొచ్చు. పాలసీతోపాటు వచ్చే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌లో రూమ్ రెంట్, కో-పేమెంట్, వెయిటింగ్ పీరియడ్ అన్నీ ఒకేచోట ఉంటాయి. ఏజెంట్ చెప్పినవాటితో అవి ఒక్కొక్కటిగా సరిచూశాను. అన్నీ సరిపోయాయి. కానీ షెడ్యూల్‌లో నాన్న పేరు ఎదురుగా షుగర్ ఒక్కటే ఉంది, బీపీ లేదు. పాలసీతోపాటు మనం నింపిన ప్రపోజల్ ఫారం కాపీ కూడా పంపుతారు, అందులో బీపీ, మాత్ర పేరు రెండూ స్పష్టంగా ఉన్నాయి. ఆ పేజీ జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టాను. కాల్ సెంటర్ వాళ్లు “మా సిస్టమ్‌లో ఉంది సార్, ఇబ్బంది లేదు” అన్నారు. రాతపూర్వకంగా కావాలన్నాను. మళ్లీ మెయిల్ పెట్టాక బీపీ కూడా చేర్చి ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి సవరణ పత్రం పంపారు, ఫ్రీ లుక్ ఇంకా మిగిలి ఉండగానే.